ఇరవై ఏడో పాట

సూరత్ లింబాయత్‌లో సదానందం ఇంట్లో ఆదివారం పొద్దున అంటే పోహా, చాయ్, టీవీ గోల. ఆ ఆదివారం మాత్రం టీవీ బందు పెట్టి అందరూ చాపల మీద చుట్టూ కూర్చున్నారు. నడుమ సదానందం కూతురు ప్రసన్న ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఉంది. ఆమే పెళ్లికూతురు. అయినా సిగ్గుపడి మూలకు కూర్చునే తీరిక ఆమెకెక్కడిది? సంగీత్ పాటల లిస్టంతా ఆమె నెత్తి మీదే పడింది. రింగ్ రోడ్డులో చీరల దుకాణానికి రీల్స్ ఎడిట్ చేసే పిల్ల. పాటను ఎక్కడ కోయాలో, ఎక్కడ అతకాలో ఆమెకు తెలిసినంత ఆ గల్లీలో ఇంకొకరికి తెలియదు.

"మనకెన్నడున్నదే ఈ సంగీతు?" అంది బాపమ్మ భూదేవి, చాయ్ ఊదుకుంటూ. "మైలపోలు, ఐరేని కుండలు, అప్పగింతలు. గంతే మన పెండ్లి."

"సూరత్‌ల ఉన్నం గద బాపమ్మా. పక్కింటోళ్ల సంగీత్‌కు ముందుగాల పోయి కుర్చీల కూసున్నదెవలు?" అంది ప్రసన్న.

"కూసున్న. నేనొద్దన్ననా? నా పాట ఎన్నో నంబరో జెప్పు."

ఇక్కడ ఆ ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ఆ ఇంట పుట్టినవాళ్లు గానీ మెట్టినవాళ్లు గానీ నలభై దాటాక తమకు ప్రాణమైన పాట వింటే, ఆ పాటను మొట్టమొదట విన్ననాటి వయసుకు పోతారు. ఒళ్లే పోతుంది, బుద్ధి మాత్రం ఇప్పటిదే ఉంటుంది. పాట అయిపోగానే తిరిగి వచ్చేస్తారు. కొందరి ఇళ్లల్లో షుగరు ఉంటుంది, కొందరి ఇళ్లల్లో బట్టతల ఉంటుంది, వీళ్లింట్లో ఇది. భూదేవి తన పాట వస్తుందంటే ముందే కట్టుడు పండ్ల సెట్టు తీసి గ్లాసులో వేస్తుంది. లేకపోతే అసలు పండ్లు మొలిచి సెట్టు గొంతుకు అడ్డం పడుతుంది మరి.

అందుకని వాళ్లింట్లో సంగీత్ లిస్టు రాయడమంటే మామూలు తలనొప్పి కాదు. ఎవరి పాట ఎవరిని ఏ వయసుకు తీసుకుపోతుందో చూసుకోవాలి. సదానందం చెల్లెలు విజయరాణి తనకు ఇష్టమైన వాన పాట పెట్టమని పట్టు పట్టింది.

"అత్తా, ఆ పాట నువ్వు ఫస్టు ఎప్పుడిన్నవ్?" అని అడిగింది ప్రసన్న.

విజయరాణి లెక్క వేసుకుని నాలుక కరుచుకుంది. "నీరజ కడుపుల ఉన్నప్పుడు. ఏడో నెల."

"ఇగో, మళ్ల గా పొట్టతోని స్టేజీ మీద ఎగురుతవా?" అన్నాడు లింగం. ఆయన సదానందం అన్న, ఉద్నా కార్ఖానాలో సాంచాలకు, అంటే మరమగ్గాలకు మేస్త్రీ.

"అది సరే, నేనప్పుడు స్టేజీ మీద ఉండాల్నా, లోపటుండాల్నా?" అంది నీరజ. ఆమె విజయరాణి కూతురు, ప్రసన్న కంటే రెండేళ్లు చిన్న, పిల్లల డాన్స్ గ్యాంగుకు లీడరు. చాపల మీద కూర్చున్నవాళ్లంతా పడీ పడీ నవ్వారు. విజయరాణికి వాన పాట కొట్టేసి, ఇంటర్ చదివేటప్పుడు విన్న చిలుకల పాట రాశారు.

లింగం సంగతి ఇంకా ముద్దుగా ఉంటుంది. ఆయన పాట ఆయన్ను పదేళ్ల పోరణ్ని చేస్తుంది. ప్యాంటు జారిపోతుంది. "దోతి కట్టుకో పెద్దబాపూ, ముడి గట్టిగ ఎయ్యి" అని ప్రసన్న లిస్టులోనే పక్కన రాసిపెట్టింది.

టైము చాలా తక్కువ. ఆల్థాన్‌లో తీసుకున్న పెళ్లి వాడి, అంటే ఫంక్షన్ హాలులో రాత్రి పది కొట్టగానే స్పీకర్లు బందు చేయాలి, అది రూలు. హాలు మేనేజరు తొమ్మిదిన్నర నుంచే మెయిన్ స్విచ్ దగ్గర నిలబడతాడట. ఏడున్నరకు మొదలుపెడితే రెండున్నర గంటలు. అందులో మగపెళ్లివారికి నలభై నిమిషాలు, ఆఖరుకు ఇరవై నిమిషాలు గర్బా. పిలుపులు, హారతి, మైకు పట్టుకున్నవాళ్ల జోకులు పోను వీళ్లకు మిగిలింది గంటకు కాస్త ఎక్కువ. పెద్దల పాటలు పదకొండు, పిల్లల డాన్సులు పదిహేను. మొత్తం ఇరవై ఆరు.

"మా పాటలు ఒకటిన్నర నిమిషమేనా? మీ ఎగురుడు మూడు నిమిషాలా?" లింగం లేచి నిలబడ్డాడు.

"నీ పాటల మొదటి ముప్పై సెకన్లు ఉత్త ఫ్లూటే ఉంది పెద్దబాపూ. అది తీసేసిన. పల్లవి, ఒక చరణం, మళ్ల పల్లవి. పల్లవి మీదనే ఆపుతున్న, నడుమల కోస్తలేను."

నడుమ కోయకూడదని వాళ్లింట్లో అందరికీ తెలుసు. పోయినేడు టీవీలో పాట వస్తుంటే భూదేవి పద్దెనిమిదేళ్ల పిల్లయి అటక మీది డబ్బా అందుకోవడానికి స్టూలెక్కింది. అంతలో అడ్వర్టైజ్‌మెంటు పడింది. స్టూలు మీద డెబ్బై ఏళ్ల ముసలమ్మ మిగిలింది. మోకాలు ఇప్పటికీ సలుపుతూనే ఉంది.

పాటల వరస పెట్టడం ఇంకో యుద్ధం. పాతవన్నీ ఒక్కచోట పెడితే పిల్లలు పానీపూరీ కౌంటరుకు ఉరుకుతారు. కొత్తవన్నీ ఒక్కచోట పెడితే పెద్దలు షుగరు గోళీలు గుర్తొచ్చి అన్నాలకు లేస్తారు. ప్రసన్న ఒక కొత్తదానికి ఒక పాతది చొప్పున వేసుకుంటూ పోయింది. డాన్సు చేసిన పిల్లలు లోపలికి పోయి బట్టలు మార్చుకునే లోపు బయట ఒక పెద్దాయన పాట నడుస్తుంది. ముసలివాళ్ల పాటలన్నీ ఎనిమిదిన్నర లోపే అయిపోవాలి. పాత రికార్డులు సన్నగా వినిపిస్తాయి కాబట్టి వాటి సౌండు పెంచింది. ప్రతి ఫైలుకూ ముందు నంబరు పెట్టింది. హాలులో నెట్‌వర్కు సరిగా ఉండదని పెన్‌డ్రైవులో ఒకటి, ఫోన్‌లో ఒకటి కాపీ చేసుకుంది.

సోలాపూర్ నుంచి పెళ్లికొడుకు సాయికుమార్ ఫోన్ చేసి తమ లిస్టు చదివాడు. మూడో పాట దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. అదే డాన్సు పాట వీళ్ల లిస్టులోనూ ఉంది.

"మా చెల్లెండ్లు రెండు నెలలసంది నేర్చుకుంటున్నరు ప్రసన్నా. ఇప్పుడు తీసేస్తే నన్ను పెండ్లి కూడా చేసుకోనియ్యరు."

"సరే, మీరే ఉంచుకోండ్రి. మేం ఇంకో పాట పెట్టుకుంటం. మా నీరజ ఏడుస్తది, నేను సముదాయిస్త."

ఇంత గోలలోనూ గోడకు ఆనుకుని నవ్వుతూ కూర్చున్న ఒక మనిషికి లిస్టులో పాట లేదు. ఆయన పరమేశ్వర్, ప్రసన్న తాత. ఇరవై ఒక్కేళ్లకు సిరిసిల్ల దిక్కు నుంచి సూరత్‌కు వచ్చి సాంచాల మధ్య ముప్పై ఏళ్లు నిలబడ్డాడు. ఆ చప్పుడు ఆయన చెవులను కొంచెం కొంచెంగా తినేసింది. ప్రసన్న పుట్టేనాటికి పూర్తిగా పోయాయి. చెవి మిషన్ కొన్నారు, నరమే చచ్చిపోయాక మిషన్ ఏం చేస్తుంది అన్నాడు డాక్టరు. పాట వినపడని మనిషి ఏ వయసుకు పోతాడు? డెబ్బై నాలుగు దగ్గరే ఉన్నాడు.

ప్రసన్నను పెంచింది ఆయనే. తల్లి స్వరాజ్యం చీరలకు స్టోన్లు అతికించే పనికి పోయేది, తండ్రి కార్ఖానాకు పోయేవాడు. తాతా మనుమరాలూ పెదాలు చూసి, చేతులు తిప్పి మాట్లాడుకునేవారు. సాంచాల చప్పుడులో పని చేసేవాళ్లందరూ అట్లాగే మాట్లాడుకుంటారు. స్కూల్లో ఎవరు కొట్టారో, ఏ లెక్క రాలేదో అన్నీ ఆయనకు తెలుసు. తెలియనిది ఒక్కటే, ఆ పిల్ల గొంతు.

ఎదురెదురుగా ఉన్నన్నాళ్లూ ఇబ్బంది లేదు. ఇప్పుడు ప్రసన్న సోలాపూర్ పోతుంది. ఫోన్ ఆయనకు పనికిరాదు. చదువు రాదు కాబట్టి మెసేజీ పనికిరాదు. వీడియో కాల్‌లో పెదాలు చూద్దామంటే కళ్లకు పొర వచ్చింది, అంత చిన్న తెర మీద ఏమీ ఆనదు. పెళ్లయ్యాక తాతతో మాటే ఉండదన్న సంగతి ప్రసన్నకు పెళ్లి ఖాయమైన రోజే తట్టింది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు గానీ, లిస్టు ముందు పెట్టుకున్నప్పుడల్లా తాత దిక్కు చూసేది. పోయే ముందు ఒక్కసారి, ఒక్క మాటైనా ఆయన చెవిన పడితే చాలనుకుంది.

*

పెళ్లి పది రోజులుందనగా డీజే వినోద్ వీళ్ల డాబా మీదికి ఒక పెద్ద బాస్ బాక్సు తెచ్చి పెట్టాడు. వినోద్ ఆ గల్లీలోనే పెరిగిన తెలుగువాడు, సగం మాటలు హిందీలోనే వస్తాయి. నీరజ గ్యాంగు కొత్త పాటకు ఎగురుతోంది. పరమేశ్వర్ కూడా చూడ్డానికి పైకి వచ్చి, కుర్చీ లేక, ఆ బాక్సు మీదే చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

కాసేపటికి ఆయన కాలి బొటనవేలు ఆడడం మొదలుపెట్టింది.

"మిషిన్ మంచిగ నడుస్తుంది" అన్నాడు గట్టిగా. చెవులు పోయినవాళ్ల మాట గట్టిగానే ఉంటుంది. "నిమిషానికి నూటిరవై పిక్కులు. నాడె ఎక్కడ తగుల్తలేదు." సాంచాలో నాడె అటూ ఇటూ పోయి పోగు వేసే ఒక్కో దెబ్బ ఒక పిక్కు.

వినోద్ స్క్రీన్ వైపు చూశాడు. పాట వేగం అక్కడ నూట ఇరవై అని ఉంది. "అరే, దాదా కరెక్ట్ జెప్పిండు! నిమిషానికి నూటిరవై బీట్లు!"

ఒకప్పుడు సాంచా ఫ్రేము మీద అరచెయ్యి పెట్టి ఏ పట్టా వదులైందో చెప్పగలిగిన మనిషి ఆయన. చెవి పోయినా చెయ్యి పోలేదు. ప్రసన్న ఆ చేతినే చూస్తూ నిలబడింది. పాత పాటలు ఆయనను చేరకపోవడానికి కారణం వాటిలో చేతికి తెలిసే దడ లేకపోవడం. కొత్త పాటల్లో దడ ఉంది గానీ అవి ఆయన పాటలు కావు. రెండూ కలిపితే?

తెల్లారి కూరగాయలు తరుగుతున్న భూదేవి పక్కన చేరింది.

"బాపమ్మా, చెవులు పోకముందు తాత పాట ఏది?"

భూదేవి కత్తిపీట పక్కకు జరిపింది. ముఖంలో కొంచెం సిగ్గు కనిపించింది. "పడవ పాట. సూరత్‌ల రైలు దిగి చాయ్ తాగుతుంటే రేడియోల అచ్చిందట. గీ గుజరాత్‌ల తెలుగు పాట! అది ఇని ఈడనే ఉందామనుకున్నడట. లేకుంటే అదే రైలుకు ఎనుకకు పోయేటోడు."

"మరి ఆ పాట ఇని వయసుకు పోయేటోడా?"

"పోకేం? నాకు నలభై అయిదు. పాట అస్తే ఆయనకు ఇరవై ఒకటి. పక్కన నిలవడాల్నంటే సిగ్గు పుట్టేది నాకు. రేడియో బందు జేసేదాన్ని." కత్తిపీట మళ్లీ ముందుకు లాక్కుని, "బందు జెయ్యకుండ ఉంటే అయిపోవు. గన్ని రోజులే ఇంటడని నాకేం ఎరుక" అంది. ఆమె కళ్లు తడిశాయి.

ఆ పాట కింద కొత్త దడ వేయాలన్న సంగతి ప్రసన్న చెప్పింది. భూదేవికి ఒకపక్క ఆశ, ఇంకోపక్క భయం. "పాటను ఖరాబు జేస్తే పాట పని జెయ్యదే."

నిజమే, ఆ భయం ఉంది. ముందు లింగం పెద్దబాపు మీద పరీక్ష చేశారు. ఆయన పాట నిమిషానికి తొంభై రెండు దెబ్బలు. దాన్ని లాగి నూట ఇరవైకి తెచ్చి, కింద డాన్సు బీటు వేసి వినిపించారు. పాట కీచుగా అయిపోయింది. లింగానికి నడుము కింద పదేళ్లు వచ్చాయి, నడుము పైన యాభయ్యే ఉండిపోయింది. చిన్న కాళ్ల మీద పెద్ద బొజ్జ ఆగక చాప మీద కూలబడ్డాడు.

"నీ ల్యాప్‌టాప్ పాడుగాను! బందు జెయ్యే!" అని అరిచాడు.

"పల్లవి దాకా ఆగు పెద్దబాపూ, నడుమల ఆపొద్దు గద!" అంది ప్రసన్న, నవ్వు ఆపుకోలేక.

పాటను మరీ లాగితే పాట కాకుండా పోతుందని తేలింది. అప్పుడు పడవ పాటను కొలిచింది. యాభై ఎనిమిది. యాభై ఎనిమిదిని అరవైకి తెస్తే చాలు, ఒక దెబ్బకు రెండు చొప్పున నూట ఇరవై అయిపోతుంది. అంత చిన్న మార్పు ఏ చెవికీ తెలియదు. శ్రుతి కదలకుండా బిగించి, వేగం ఒక్కటే జరిపింది. నీరజ వాళ్ల డాన్సు పాటలోంచి దడను తీసి కింద పరిచింది. అయినా సరిపోదు. దడ తెలిస్తే సాంచా అనుకుంటాడు, పాట అనుకోడు. అందుకని వినోద్ దగ్గర కూర్చుని పడవ పాట వరసనే బాస్‌లో కూడా వేయించింది. పాట ఎక్కినప్పుడు బాక్సు సన్నగా అదురుతుంది, దిగినప్పుడు బరువుగా అదురుతుంది.

ఇక లిస్టులో చోటు. ఇరవై ఆరు పాటలతో టైము నిండిపోయింది. ప్రసన్న తన సోలో డాన్సు కొట్టేసింది.

"రెండు నెలలసంది నేర్చుకున్నవ్ గదనే" అంది తల్లి స్వరాజ్యం బాధగా.

"నేర్చుకున్నది యాడికి పోతది అమ్మా? సోలాపూర్‌ల ఎగురుత."

నీరజ మాత్రం మూతి ముడిచింది. "మా పాట సోలాపూరోళ్లకిచ్చినవ్. ఇప్పుడు మా బీటు తాతకిచ్చినవ్. ముసలి పాటకు మేం ఎగురుడా?"

"ఎగరొద్దు. కాళ్లతోని బీటు ఎయ్యండ్రి సాలు. స్టేజీ చెక్కది, తాత కాళ్లకు అందుతది."

నీరజ అక్కడికక్కడే కాలితో బీటు వేసి చూసింది. ఆమెకూ తాతే కదా. సోలో డాన్సు పోయింది కాబట్టి లెక్క ఇరవై ఆరుకే రావాలి. కానీ నంబర్లు ముందే వేసేశారు, ఆమె డాన్సుదైన పన్నెండో నంబరు ఖాళీగా ఉంచి, పడవ పాటకు ఇరవై ఏడు అని వేశారు. గర్బాకు ముందు, ఆఖర్న.

*

సంగీత్ రోజు సోలాపూర్ బస్సు పల్సానా దగ్గర లారీల వెనక చిక్కుకుంది. ఏడున్నరకు రావలసినవాళ్లు ఎనిమిది దాటాక దిగారు. వినోద్ నెత్తి పట్టుకున్నాడు. ప్రసన్న లెహంగా కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని కన్సోల్ దగ్గరికి ఉరికి, అప్పటికప్పుడు నాలుగు డాన్సుల్లో రెండో చరణాలు తీసేయించింది.

ఆలస్యమే గానీ ఆ సంగీత్ భలే నడిచింది. భూదేవి తన పాటకు పద్దెనిమిదేళ్ల పిల్లయి, రెండు జడలతో గిరగిరా తిరిగింది. సాయికుమార్ మేనమామ పక్కనున్నవాణ్ని పట్టుకుని ఈ పిల్ల ఎవరింటిదని అడిగి నాలుక కరుచుకున్నాడు. లింగం దోతి ముడి గట్టిగానే నిలిచింది. విజయరాణి కాలేజీ పిల్లయి నీరజ పక్కన నిలబడితే అక్కాచెల్లెళ్లు అనుకున్నారు. సోలాపూర్ ఆడపిల్లలు తమ పాటకు స్టేజీ విరగ్గొట్టినంత పని చేశారు. పెద్దల పాటకు పిల్లలు ఈలలు వేశారు, పిల్లల పాటకు పెద్దలు తల ఊపారు.

ఇరవై ఆరో పాట అయ్యేసరికి టైము తొమ్మిది యాభై ఆరు.

సదానందం కన్సోల్ దగ్గరికి వచ్చాడు. "బిడ్డా, నాలుగు నిమిషాలే ఉంది. గర్బా పెట్టుండ్రి. కార్ఖానా సేఠ్, గుజరాతీ దోస్తులు గర్బా కోసమే కూసున్నరు."

"బాపూ, తాత పాట."

"పాట నాలుగున్నర నిమిషాలు. పది కొట్టంగనే కరెంటు తీస్తరు" అన్నాడు వినోద్. "నడుమల కట్ అయితే దాదా స్టేజీ మీద పడిపోతడు. రిస్క్ ఉంది."

సదానందం కూతురి మొహం చూశాడు. ఏ పాటకూ, ఏ చీరకూ ఆ పిల్ల అట్లా చూసి ఉండలేదు.

"తొమ్మిది యాభై తొమ్మిదికి మెల్లగ తగ్గించుండ్రి" అన్నాడు. "గర్బా రేపు ఆడుకుంటరు తియ్యి. సేఠ్‌కు నేను జెప్పుకుంట."

పరమేశ్వర్‌ను స్టేజీ మీద బాస్ బాక్సు పక్కన, చెప్పులు లేకుండా కూర్చోబెట్టారు. తన పాట పెడుతున్నారని చెయ్యి తిప్పి చెబితే, ఎందుకొచ్చిన కష్టమే అన్నట్టు నవ్వాడు. నీరజ గ్యాంగు వెనక వరసగా నిలబడింది. వినోద్ మీట నొక్కాడు.

దడ మొదలైంది. ముసలాయన బొటనవేలు ఆడింది. నూటిరవై, అని వేళ్లతో చూపించాడు. పల్లవి ఒకసారి అయిపోయింది, ఏమీ కాలేదు. ప్రసన్న స్టేజీ మెట్ల దగ్గరికి జరిగింది. రెండోసారి పల్లవి ఎత్తుకోగానే ఆయన బాక్సు మీద రెండు చేతులూ పెట్టాడు, ఆగిపోయిన సాంచాను వెతికినట్టు వెతికాడు. బాక్సు సన్నగా అదిరింది, మళ్లీ బరువుగా అదిరింది. ఆయన పెదాలు కదిలాయి. పడవ, అన్నాయవి.

చెవుల దగ్గర వెంట్రుకలు నల్లబడ్డాయి. మెడ నిటారు అయింది. ముడతల చొక్కా భుజాల దగ్గర బిగిసింది. ఇరవై ఒక్కేళ్ల పరమేశ్వర్ దిగ్గున తల తిప్పాడు, ఎందుకంటే అప్పుడే కింద ఎవరి గ్లాసో జారి పడింది. ఆ చప్పుడు ఆయన విన్నాడు.

ప్రసన్న స్టేజీ ఎక్కింది. వారం రోజులుగా ఏం చెప్పాలో అనుకుంటూ ఉంది. తాతా నువ్వు లేకుంటే నేను లేను, నిన్ను యాది చేసుకుంటా, జాగ్రత్తగా ఉండు, ఇట్లా ఎన్నో. ఒక్కటీ నోటికి రాలేదు. ఇరవై నాలుగేళ్ల అలవాటు కొద్దీ గొంతు చించుకుని అరిచింది.

"తాతా! ఇనవడ్తుందా?"

ఆయన ఉలిక్కిపడి చెవి మూసుకున్నాడు. తర్వాత చెయ్యి తీసేసి ఆమె మొహంలోకి చూశాడు.

"ఇనవడ్తుంది బిడ్డా. జర మెల్లగ మాట్లాడు."

ఆ మాటతో ప్రసన్న ఏడ్చేసింది. ఏడుస్తూనే మాట్లాడింది. ఏం మాట్లాడిందో ఆమెకే తెలియదు. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు, ఆ పిల్ల మాటకు పెదాల వైపు చూడాల్సిన పని లేకపోవడం ఆయనకు అదే మొదలు. "నీ గొంతు గింత బొంగురుగ ఉంటదా? సన్నగ ఉంటదనుకున్న గదనే" అని నవ్వాడు. "మంచిగుంది. మాట్లాడు, మాట్లాడు."

తొమ్మిది యాభై తొమ్మిది ఎప్పుడు దాటిందో ఎవరూ చూడలేదు. వినోద్ కూడా చూడలేదు, వాడు కళ్లు తుడుచుకుంటున్నాడు. హాలు మేనేజరు మాత్రం చూశాడు. పది కాగానే స్విచ్ దించాడు. ఆఖరి చరణం నడుమ స్పీకర్లన్నీ ఒక్కసారి మూగబోయాయి.

పాట మాత్రం ఆగలేదు. కింద ముందు వరసలో భూదేవి ఎప్పటి నుంచో ఆ పాట పాడుతూనే ఉంది. స్పీకర్ల హోరులో ఎవరికీ వినపడలేదంతే. ఒకప్పుడు రేడియో బందు పెట్టిన మనిషి, ఇప్పుడు లేచి నిలబడి చప్పట్లతో అందుకుంది. విజయరాణి, స్వరాజ్యం, గల్లీ ఆడవాళ్లంతా లేచి బతుకమ్మ చుట్టూ నిలబడ్డట్టు గుండ్రంగా నిలబడి చప్పట్లు కలిపారు. స్టేజీ మీద నీరజ పాదం ఎత్తి చెక్క మీద వేసింది. గ్యాంగంతా వేసింది. నూటిరవై. పాట మాటలు రానివాళ్లు వరస పాడారు, వరస రానివాళ్లు కాళ్లు కదిపారు. సేఠ్ ఇంటి ఆడవాళ్లు ఆ గుండ్రంలోకే వచ్చి గర్బా వేశారు, అడుగు సరిగ్గా కలిసింది. చప్పట్లకు కరెంటు అక్కర్లేదు, రూలూ లేదు. మేనేజరు కాసేపు నిలబడి, ఆయన కూడా కాలు ఆడించాడు.

ఎంతసేపు నడిచిందో తెలియదు. ఆకలేసినవాళ్లు ఒక్కొక్కరు పాడుకుంటూనే అన్నాలకు పోయారు. చేతులు కడుక్కుంటూ పాడినవాళ్లు ఉన్నారు, పిల్లలను భుజాన వేసుకుని కూనిరాగం తీసినవాళ్లు ఉన్నారు. పాట సన్నబడింది గానీ, ఎక్కడ అయిపోయిందని అడిగితే ఎవరూ చెప్పలేరు. పరమేశ్వర్ జుట్టు కూడా అట్లాగే, ఒక్కో పాయ చొప్పున, నెమ్మదిగా తెల్లబడింది. పడిపోలేదు, తూలలేదు. కుర్చీలో ముసలాయన కూర్చుని ఉన్నాడు. ప్రసన్న వంగి ఆయన అరచెయ్యి నొక్కింది. దొరికింది చాలు అనుకుంది.

మూడో రోజు పెళ్లయింది. అప్పగింతల్లో తాతా మనుమరాలూ ఎప్పటిలాగే చేతులతోనే మాట్లాడుకున్నారు. చుట్టూ బ్యాండు మోగుతుంటే ఆయన పదే పదే ఎడమ చెవి పట్టుకుని తల విదిలించడం ఆమె చూసింది గానీ, ఏడుపులో పట్టించుకోలేదు. ఆయనైనా తనకే నమ్మకం లేని సంగతి ఎవరికేం చెబుతాడు?

పెళ్లయిన ఆరో రోజు మధ్యాహ్నం ప్రసన్న అమ్మకు ఫోన్ చేసింది. స్వరాజ్యం భూదేవిని తీసుకుని మోకాలు చూపించడానికి పోతూ ఫోన్ మరిచిపోయింది. ఇంట్లో పరమేశ్వర్ ఒక్కడే ఉన్నాడు. ఏదో మోగుతోంది. మొబైల్ ఎట్లా మోగుతుందో ఆయనకు తెలియదు, జన్మలో వినలేదు. వంటింట్లోకి పోయి కుక్కరు మూత ఎత్తి చూశాడు. కిటికీ తెరిచి గల్లీలోకి చూశాడు. చివరికి దిండు కింద వెలుగుతూ కనపడింది. పచ్చ గుర్తు మీద వేలు పెట్టి జరపడం పిల్లలు చేస్తుంటే చూశాడు, అట్లాగే జరిపాడు. కుడి చెవికి పెట్టుకున్నాడు, ఏమీ లేదు. ఎడమ చెవికి మార్చాడు, ఆ రాత్రి పాట ఇంకా పూర్తిగా అయిపోని చెవి అది.

సోలాపూర్‌లో ప్రసన్న, "అమ్మా, అన్నం తిన్నవా?" అంది.

అవతల ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. "అమ్మా? హలో? ఇనవడ్తలేదా?"

"జర మెల్లగ మాట్లాడు బిడ్డా" అన్నాడు పరమేశ్వర్. "నీకు ఎన్నిసార్లు జెప్పాలె?"